మంచులో నూలుగుడ్డ

నాకు చదువు సంతకం దాకానే. నోటితో చెబుతుంటే రాస్తున్నారు. ముందూ వెనకా అయితే తప్పు రాసినవారిది కాదు, నాది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. మా ఆయన పోయాక మగ్గం మూలపడింది. బెజవాడలో ఒక నర్సమ్మగారింట్లో పనికి కుదిరాను. ఆవిడకు మిలిటరీ ఉద్యోగం వచ్చి కాశ్మీరు ఆసుపత్రికి వెళుతూ నన్ను కూడా ఆయాగా తీసుకుపోయింది. అప్పుడు అక్కడ యుద్ధం జరుగుతోంది. నాకు హిందీ రాదు, ఆ చలికి పళ్ళు కొట్టుకునేవి. ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో కూడా సరిగ్గా తెలిసేది కాదు.

పైన లడాఖ్ దారిలో కనుమ నుంచి లారీల్లో మనుషులను దింపేవారు. గుండు తగిలినవాళ్ళకంటే చలికి కాళ్ళు పాడైనవాళ్ళే ఎక్కువగా కనిపించారు నాకు. ఒకరోజు ఒకడు ‘అమ్మా’ అని మూలిగాడు. మన తెలుగు. పెడన దగ్గర సాలెవాళ్ళ కుర్రాడు, దారులు వేసే పటాలంలో పని. బూట్లు ఊడిరాకపోతే కత్తెరతో కోశారు. లోపల మేజోళ్ళ కింద నూలు పేలికలు ఉన్నాయి. మంచుతో బిగుసుకుపోయి చెక్కలా ఉన్నాయి. వేళ్ళు తెల్లగా, మైనం పోసినట్టున్నాయి.

వాడి చూపంతా వాటి మీదే. “అత్తా, ఈ కాళ్ళతోనే కదా మగ్గం తొక్కాలి. కాస్త ఆముదం కాచి పట్టించు” అన్నాడు. మనం చేసేది అదే కదా. నేను నూనె కోసం లేచాను. నర్సమ్మగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. రుద్దకూడదట, నిప్పు చూపించకూడదట. స్పర్శ లేని చర్మం కాలినా వాడికి తెలియదట, రుద్దితే లోపల చిట్లిపోతుందట. ఒంటికి మూడు కంబళ్ళు కప్పి, పాదాలు మాత్రం దిండు మీద బయట పెట్టారు. వేళ్ళ మధ్య దూది పెట్టారు. నాకు ఏమీ అర్థం కాలేదు. చలితో పోయిన కాళ్ళను చలిలోనే ఉంచడమేమిటి?

పగలంతా వాడు పైన జరిగినవి చెప్పేవాడు. అన్నం ఉడుకుతూనే ఉంటుందట గానీ మెతుకు గట్టిగానే ఉంటుందట. తుపాకీకి పూసిన నూనె గడ్డకట్టి మీట కదలకపోతే, తుడిచేసి కిరసనాయిలు రాసేవారట. నొప్పి మందు గడ్డకట్టకుండా ఆ గాజుగొట్టాలను డాక్టరు చంకలో పెట్టుకుని తిరిగేవాడట. ఒక్క మనిషిని మోయడానికి నలుగురు ఎత్తుకుంటే, ఊపిరాడక నాలుగు అడుగులకు ఆగి మరో నలుగురికి అందించేవారట. గాడిదలు పైకి తెచ్చిన సామానులో సగం వాటి మేతేనట. వాడి స్నేహితుడు దున్నలాంటివాడు, దెబ్బ తగలకుండానే ఎర్రటి నురుగు కక్కాడట. న్యుమోనియా అన్నారట. కిందికి దించేసరికి లేచి కూర్చుని టీ అడిగాడట. ఏం జబ్బు అది?

ఆ పేలికల సంగతి తర్వాత తెలిసింది. వాళ్ళమ్మ నేసి ఇచ్చిన తువ్వాలు. ఉన్ని మేజోళ్ళు పాదాలకు గుచ్చుకుంటున్నాయని, మన నూలైతే వెచ్చనని దాన్ని చింపి, మగ్గానికి పడుగు దారం చుట్టినట్టు బిగించి చుట్టుకున్నాడు. రాత్రంతా రాళ్ళు పగలగొడితే చెమట పట్టింది. నూలు ఆ తడి పీల్చుకుని మంచైపోయింది. బిగింపుకు నెత్తురు కిందకి దిగలేదు. అలా అన్నారు డాక్టరుగారు. కానీ పక్క మంచం మీద ఉన్నవాడు ఉన్ని మేజోళ్ళే వేసుకున్నాడు, వాడికి పాదమే పోయింది. మరి నూలు చెరిచిందా, కాపాడిందా?

వేళ్ళు నల్లబడ్డాయి. కోసెయ్యరేం అని వాడు కంగారుపడ్డాడు. ఏది చచ్చిందో ఏది బతికిందో గీత పడేదాకా ఆగాలన్నారు. వారాలు ఆగాం. చివరికి ఎడమ కాలివేళ్ళన్నీ పోయాయి, కుడి పాదం నిలిచింది.

ఆ రోజు వాడు ఏడవలేదు. “మడమతో తొక్కొచ్చా, అత్తా?” అన్నాడు. నేను బల్ల మీద కూర్చుని మగ్గం కింది తొక్కుడు పలకల్లా రెండు ఇటుకలు కింద పెట్టి, ఎడమకు మడమా కుడికి వేళ్ళూ మార్చి మార్చి తొక్కి చూపించాను. జవాన్లు నవ్వారు. మడమ కాస్త ఆలస్యంగా పడుతోంది.

“పోగు జారుతుందేమో” అన్నాను.

“జారనీ. అమ్మకు మాత్రం ఆ తువ్వాలు సంగతి చెప్పకు.”

కొన్నాళ్ళకు బెజవాడ తిరిగొచ్చి, వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మగ్గం గుంటలో కూర్చుని మడమతోనే నేస్తున్నాడు. పని నెమ్మదే గానీ గుడ్డ బాగానే దిగుతోంది. వాళ్ళమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, “నేనిచ్చిన తువ్వాలు అక్కడ పనికొచ్చిందా అండీ?” అని అడిగింది.

వాడు తొక్కడం ఆపాడు.

ఆ నూలు చెరిచిందో కాపాడిందో నాకు ఇప్పటికీ తెలియదు. “కాళ్ళకు చుట్టుకున్నాడమ్మా” అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మగ్గం మళ్ళీ కదిలింది.