నిలిచిన తలకి నలభై

మా ఆన్‌లైన్ కోచింగ్ ప్లాను మొత్తం రొయ్యల మేత కంపెనీ వాళ్ళు పంచిపెట్టిన డైరీలో రెండు పేజీల్లో ఉండేది. రాసినాయన భీమవరం దగ్గర చెరువుల ఆసామి. రెండు పంటలు కలిసొచ్చేసరికి ఆయన కన్ను చదువుల మీద పడింది. రాజమండ్రిలో ఒక మేడ మీద గది తీసుకుని, కెమెరా, బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి, ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటున్న నన్ను పిలిపించాడు. నేనిక్కడ పాఠం చెబితే రావులపాలెంలోనూ తణుకులోనూ ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్న ఎంసెట్ పిల్లలు తెర మీద చూస్తారు. డౌటు వస్తే టైపు చేస్తారు.

"బ్యాచికి ఎంతమందండీ?" అని అడిగాను.

"రెండొందలండి. బెంచీలు అక్కర్లేదు కదా మాస్టారూ! ఓ యాభై పోయినా నూటయాభై మిగుల్తారు."

చెరువులో రొయ్యపిల్ల వదిలేటప్పుడు చచ్చేవాటిని కూడా కలుపుకుని వదులుతారు. ఈయన పిల్లల్నీ అదే లెక్కన వదలబోతున్నాడని అర్థమై ఒళ్ళు మండింది.

ఫీజు ఏడాదికి ఆరు వేలు, చేరినరోజే మొత్తం కట్టాలి. మూడు వాయిదాలు పెట్టమన్నాను. అప్పుడైతే పిల్లాడు మధ్యలో మానేస్తే నష్టం మనకే కాబట్టి, వాణ్ణి నిలబెట్టుకోవాలన్న పట్టింపు మనకీ ఉంటుందన్నాను. ఆయన నావంక జాలిగా చూశాడు.

"మీరు పాఠం చూసుకోండి మాస్టారూ. మిగతాది నాకొదిలెయ్యండి."

నాకు జీతం లేదు. నెలాఖరు వారంలో ఇంకా క్లాసుకి వస్తున్న పిల్లలు ఎంతమందో చూసి తలకి నలభై రూపాయలు. అంటే పిల్లలు మానేస్తే ఆయనకి పైసా పోదు, పోయేదంతా నాకే. ఇది తెలియడానికి లెక్కల మాస్టారే అయి ఉండక్కర్లేదు. అయినా నేను చేసిన ఘనకార్యం, రెండొందల్ని నలభైతో హెచ్చించడం. ఎనిమిది వేలు! కాలేజీలో ఇచ్చేది ఆరున్నర. మర్నాడే రాజీనామా ఇచ్చేశాను. ఆ ఆసామి యాభైమంది పోతారనైనా వేసుకున్నాడు. ఎమ్మెస్సీ చదివిన నేను అదీ వేసుకోలేదు.

రెండొందలమందీ చేరారు. గంట పాఠం, చివర పావుగంట డౌట్లు. తెర మీద ఓ పక్కన చిన్న గడిలో డౌట్లు పుట్టలోంచి చీమల్లా వచ్చేవి. పదింటికి జవాబు చెప్పేసరికి టైము అయిపోయేది. ఆత్రేయపురం నుంచి రావులపాలెం సెంటరుకి వచ్చే ఒకమ్మాయి ఒకే ఇంటిగ్రేషన్ లెక్క వరసగా మూడు రోజులు అడిగింది. నాలుగోరోజు అడగలేదు. ఆ తర్వాత రాలేదు.

మూడోనెల అయ్యేసరికి తొంభైమంది మిగిలారు. నా చేతికి మూడువేల ఆరొందలు వచ్చాయి. ఇంటద్దె, మా పిల్లల స్కూలు ఫీజు గుర్తొచ్చాయి. ఆసామి దగ్గరికి పరిగెత్తి, ఇక బ్యాచిని రెండు చేద్దాం, నలభై అయిదుమందైతే ప్రతివాడి డౌటుకీ జవాబు చెప్పొచ్చు, మానరు, అన్నాను.

"చెయ్యండి మాస్టారూ, మంచిదే. తలకి అదే నలభై."

రెండు గంటలు చెప్పినా ఒక గంట డబ్బులే అన్నమాట. ఎంత నీచమైన మనిషి అనుకుంటూ మెట్లు దిగాను. బ్యాచిని రెండు చెయ్యలేదు.

మరుసటి ఏడు పాంప్లెట్లు పంచితే పదకొండుమంది వచ్చారు. "ఈసారి పిల్ల బాలేదండి," అన్నాడాయన, వేళాకోళానికి కాదు, నిజంగానే. పోయిన రొయ్య మరో చెరువుకి వెళ్ళి కబురు చెప్పదు. పోయిన పిల్లలు ఊరూరా చెప్పారు. అది ఆయన బుర్రకి ఎక్కలేదు. గదికి తాళం పడింది. కాలేజీకి తిరిగి వెళ్తే నా సీట్లో నా పాత స్టూడెంటే కూర్చుని ఉన్నాడు. ట్యూషన్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. తిరిగినన్నాళ్ళూ ఆ ఆసామిని తిట్టని రోజు లేదు.

కొన్నాళ్ళకి రావులపాలెం బస్టాండులో ఒకమ్మాయి ఎదురొచ్చింది.

"మీరు ఆన్‌లైన్ మాస్టారు కదండీ? నేను ఆత్రేయపురం అమ్మాయినండి. ఇంటిగ్రేషన్ లెక్క అడిగేదాన్ని."

గుర్తుందన్నాను. ఎంసెట్ ఏమైందని అడగడానికి నోరు రాలేదు.

"ఆ మూడు రోజులూ నా డౌటు మీకు కనపడలేదేమోనండి. నెట్టు బాలేదు కదా! మావాళ్ళు తిడుతుంటే నేనే చెప్పానండి, మాస్టారి తప్పేం లేదని."

"అవునమ్మా, నెట్టే," అన్నాను.

ఆ డౌటు మూడుసార్లూ చూశాను. పెద్ద లెక్క, అయిదు నిమిషాలు పడుతుందని కిందకి జరిపేశాను. చెరువుల ఆసామి ఎంతమంది పోతారో డైరీలో రాసుకున్నాడు, అడిగితే చూపించేవాడు కూడా.