జత విడదీయని కొట్టు

యుద్ధం రోజుల్లో గుడ్డ దొరకడమే గగనమైంది. మా ఆయన మద్రాసు నుంచి కుట్టిన పరికిణీ, జాకెట్టు జతలు తెప్పించి గవర్నర్‌పేట కొట్లో పెట్టారు. రెంటికీ కలిపి జాకెట్టు మెడ దగ్గర ఒకటే నంబరు కుట్టి ఉండేది.

మా అమ్మాయి పొడుగ్గా, ఊచలా ఉండేది. ఆడపడుచు పెళ్ళికి మంగళగిరి వెళ్ళాలి. ఇరవై ఆరు నంబరు జత తెచ్చారు. జాకెట్టు అతికినట్టు సరిపోయింది, పరికిణీ మాత్రం పిక్కల దగ్గరే ఆగిపోయింది. ముప్పై నంబరు తెచ్చారు. పరికిణీ పాదాల దాకా వచ్చింది, జాకెట్టు భుజాలు జారి సంచిలా వేలాడింది.

"ఇరవై ఆరులో జాకెట్టు, ముప్పైలో పరికిణీ ఇవ్వండి," అన్నాను.

"మిగిలినవి ఎవరు కొంటారు? జత విడదీయను."

"కన్నకూతురికి కూడానా?"

"కొట్టు కొట్టే. పెద్దది తీసుకుని జాకెట్టు బిగించు."

పక్క కుట్లు బిగించడం ఎంతసేపు? భుజం తగ్గాలంటే చేతులు ఊడదీసి, చంకలు మళ్ళీ కత్తిరించి కుట్టాలి. ఈ ముక్క నేను మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ తల ఊపి, "అదే, బిగించు," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు జతలూ తీసుకుని నేనే కొట్టుకి వెళ్ళాను.

అక్కడ బందరు నుంచి వచ్చిన ఒకావిడ, చేపల వ్యాపారం చేసుకునే మనిషి, ఆయనతో వాదిస్తోంది. పక్కన పొట్టిగా, బొద్దుగా ఆమె కూతురు.

"జాకెట్టుకి ముప్పై కావాలండీ. ఆ పరికిణీ ఏస్తే పిల్ల తొక్కుకుని పడిపోద్ది. చిన్నది ఇయ్యండి."

"జత విడదీయమమ్మా," అన్నారు మా ఆయన, నావైపు చూడకుండా.

ఆవిణ్ణి బయటికి పిలిచాను. "మీరు ముప్పై జత తీసుకోండి, నేను ఇరవై ఆరు తీసుకుంటా. పరికిణీలు మార్చుకుందాం."

ఆవిడ రెండు పరికిణీలూ ఎండలో పట్టుకుంది. ముప్పై నంబరుది కాస్త ముదురు రంగు, వేరే తానులోది.

"దగ్గర పెడితేనే తెలుత్తాందమ్మా. కట్టుకుంటే ఎవరు సూత్తారు? మరి ఈ చిన్నదాని నడుం మా పిల్లకి పట్టుద్దంటారా?"

"పట్టీ విప్పి, కుచ్చిళ్ళు వదులు చేసి, పొడుగు పట్టీ వేయండి. మాకైతే బొందు లాగి కట్టేస్తే చాలు."

ఆవిడ ముప్పై జతకి డబ్బు కట్టగానే గుమ్మం మీదే మార్చుకున్నాం. మా ఆయన లోపల్నుంచి చూస్తూ, "బయట మీరేం చేసుకున్నా నాకు సంబంధం లేదు," అన్నారు. లోపల ఆ పనే చేసి ఉంటే రెండు జతల్లో ఒక్క ముక్కా మిగలకుండా చెల్లిపోయేది. ఆ మాటంటే వినిపించుకోలేదు.

పెళ్ళిలో అందరూ పిల్ల బట్టలు మెచ్చుకున్నారు. మా ఆయన మీసం సవరించుకుని, "మన కొట్లోదే. నంబరు చూసి తీసుకుంటే సూది ముట్టక్కర్లేదు," అని బంధువులకు చెబుతున్నారు. వడ్డనకు వెళ్తున్న నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.