గడువు తీరిన లింకులో సుమిత్ర

కుంట ఊళ్ళో మాధురి ఆన్‌లైన్ కొట్టుకు ఒక పేరుంది. ఆమె ఎవరికీ ఫోటో పంపదు, లింకు పంపుతుంది. ఆధార్ కార్డు ఫోటో అయినా, రాయ్‌పూర్ కాలేజీకి పంపాల్సిన మార్కుల మెమో స్క్రీన్‌షాటైనా ముందు తన డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంది, దానికో లింకు తీస్తుంది, ఆ లింకు ఏ తారీఖు దాకా తెరుచుకోవాలో గడువు పెట్టి అప్పుడు పంపుతుంది. గడువు పెట్టే సౌకర్యం ఊరికే రాదని డబ్బు కట్టి మరీ ఆ ఖాతా తీసుకుంది. పక్కనే బట్టల కొట్టు నడిపే ఆమె తండ్రి కాశయ్యకు ఇదంతా వింత. "ఏందే ఇది, కూరగాయలా వాడిపోవడానికి? వాట్సాప్‌ల పడేస్తే అయిపాయె గదా," అంటాడు. ఆమె తన పని తాను చేసుకుంటుంది. ఆయనకు జవాబు తెలియక అడుగుతున్నాడని కూడా అనుకోదు.

ఆమె తమ్ముడు శ్రీకాంత్ సుక్మా రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. ఆ వార్త ఇంటికి మనిషి మోసుకొచ్చింది కాదు. ఊరి గ్రూపులో ఎవరో మహానుభావుడు 'ఈ అబ్బాయి ఎవరో గుర్తుపట్టండి' అని రాసి ఫోటో తగిలించాడు. మాధురి ఫోన్లో ఫోటోలు వాటంతటవే దిగిపోతాయి. ఎవరిదో రేషన్ కార్డు కోసం గ్యాలరీ తెరిస్తే అన్నిటికంటే పైన తమ్ముడున్నాడు, ఉండకూడని తీరులో. గుర్తుపట్టింది. ఆ తర్వాత ఆ ఫోటో భద్రాచలం గ్రూపుల్లోకి పోయింది, హెల్మెట్ పెట్టుకోండని నీతి చెప్పే సందేశాల కిందికి చేరింది, ఏడాది తిరిగాక ఇంకేదో ప్రమాదం పేరుతో మళ్ళీ కుంటకే వచ్చింది. పోయినవాడు ఒక్కసారి పోయాడు. వాడి ఫోటో మాత్రం వస్తూనే ఉంది.

అందుకే గడువు. చావు లేని బొమ్మ అంటే ఆమెకు భయం.

ఎర్రబోరు అవతలి పల్లె నుంచి సోమి వచ్చింది ఒక సంత రోజున. దోర్ల తెగ మనిషి, చెయ్యి ఖాళీగా ఉంచడం తెలియని మనిషి. వెదురు బుట్ట కింద పెట్టి, కొంగులోంచి మొగుడు లక్మా ఫోను తీసింది. మిరపకాయ కోతలకు గోదావరి అవతలికి పోయిన కూతురు సుమిత్ర అక్కడే జ్వరంతో పోయింది. పోయే ముందు ఒక్కసారి వీడియో కాల్ చేసింది. లక్మా ఫోను జారిపోతుందేమోనని గట్టిగా పట్టుకున్నాడట, పక్కనున్న రెండు మీటలూ ఒకేసారి నొక్కుకుపోయి స్క్రీన్‌షాట్ పడింది. ఆ పిల్లకున్న ఫోటో అదొక్కటే.

మాధురి చూసింది. తెర నిండా సుమిత్ర, తలకు తువ్వాలు చుట్టుకుని, వెనకాల ఎర్రటి మిరప కళ్ళం. పైన మూలలో చిన్న గడిలో సోమి ముఖం. వీడియో కాల్‌లో మనకు మనమే కనపడే గడి అది. కూతురు ఏమందో గాని, తల్లి నోరంతా తెరిచి నవ్వుతోంది.

"బిడ్డా, జగదల్‌పూర్ల బిజ్జా ఉన్నడు, పలక మీద బొమ్మలేస్తడు," అంది సోమి. "పోయినోళ్ళకు పెట్టే రాయి నిలబెడుతున్నం దీనికి. పలక రాయికి అతికిస్తం. ఆయనకు ఈ ముఖం పంపాలె. కానీ అందరి ఫోన్లల్ల ఉండొద్దు. దాని జీవం రాయిలకొచ్చినంక ముఖం ఇంకెక్కడా ఉండొద్దు, నాకు తెల్సు నా బిడ్డ సంగతి. ఎక్కడ పిలుపు వినబడితే అక్కడికి పోతది."

ఇలాంటి మాట మాధురిని ఎవరూ అడిగి ఉండలేదు. ఇన్నాళ్ళకు తన పద్ధతి అర్థమైన మనిషి దొరికిందనుకుని ఆమె లోపల కొంత పొంగిపోయింది కూడా. లింకు తీసింది, వారం గడువు పెట్టింది, బిజ్జాకు పంపింది. ఫోన్ చేసి, "బిజ్జా భయ్యా, లింకు తెరిచి చూస్కుంట బొమ్మ గీయి. సేవ్ చెయ్యకు, దానికి మళ్ళ స్క్రీన్‌షాట్ తియ్యకు. అట్ల తీస్తే గడువు నీ ఫోన్‌కు వర్తించదు, నా చేతుల ఏం ఉండదు," అని గట్టిగా చెప్పింది. అతను సరేనన్నాడు.

వారం దాటాక సోమి పేర పలక బస్సులో కొట్టుకు వచ్చింది. సుమిత్ర అందులో కాస్త లావుగా, పెళ్ళికూతురిలా ఉంది. సోమి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇగ తీసెయ్యి," అంది. లక్మా ఫోన్లోంచి స్క్రీన్‌షాట్ తీసేసి, తీసేసినవి దాచే చోటు నుంచి కూడా తుడిచేసింది మాధురి. తర్వాత సోమికి నమ్మకం కలగాలని ఆ లింకును లక్మా ఫోన్లోనే నొక్కి చూపించింది. గడువు తీరిపోయిందని, ఇక తెరుచుకోదని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"చూడక్కా. పోయింది."

"పోయిందా?"

"పోయింది."

సోమి పలకను కొంగుతో కప్పుకుని బస్సెక్కింది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కొట్లో కంప్యూటర్ కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఫోల్డర్లోని బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి తెర మీద తిప్పుతుంది. అప్పుడప్పుడు కొండలు, పూలు వస్తుంటాయి. ఆ రోజు తువ్వాలు చుట్టుకున్న పిల్ల వచ్చింది. కుల ధ్రువపత్రం కోసం బెంచీ మీద కూర్చున్న ముసలాయన, "ఈ పిల్లెవరు? నన్నే చూస్తున్నది," అన్నాడు.

మాధురి గబుక్కున లేచి వచ్చింది. మౌస్ కదిపితే ముఖం పోయింది. వెంటనే డ్రైవ్ తెరిచింది. లింకు నిజంగానే చచ్చింది. ఫైలు మాత్రం ఎక్కించిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. గడువు లింకుది, ఫైలుది కాదు. బయటివాళ్ళకు తలుపు మూసుకుంది, లోపలున్న పిల్ల లోపలే ఉంది. ఆ ఫోల్డరు కొట్లో కంప్యూటర్లోకి కూడా దిగుతుంది గనక ఇక్కడా ఉంది. ఇన్నేళ్ళుగా ఊరందరి ముఖాలకూ గడువు పెట్టి పంపానని మురిసిన మనిషి ఇంట్లోనే ఆ ముఖాలన్నీ కూర్చున్నాయి. ఇంతోటి తెలివికి డబ్బు కూడా కట్టింది.

మిగతావన్నీ ఆ రోజే తుడిచేసింది. సుమిత్ర దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. శ్రీకాంత్ నవ్వుతున్న ఫోటో ఒక్కటీ లేదు ఆమె దగ్గర. పాత ఫోన్‌తో పాటే పోయాయి. లోకం దాచిపెట్టింది వాడి రోడ్డు మీది ఫోటోనే. నవ్వుతున్న ముఖాన్ని తన చేత్తో తీసేయడం ఆమె వల్ల కాలేదు. రేపు తీసేద్దాంలే అనుకుంది. కంప్యూటర్లో బొమ్మలు తిరగకుండా ఆపేసింది, అంతే చేసింది.

అయినా ఏం లాభం. తెర నల్లగా ఉన్నా అక్కడ ఒకరున్నట్టే ఉండేది. కొట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ప్రింటర్ దానంతటది గుర్రుమంటే వెనక్కి తిరిగి చూసేది. మంచినీళ్ళు తాగబోతూ ఆ బెంచీ వైపు చూసి, ఎవరికో ఇవ్వడం మరిచినట్టు ఆగేది. కాశయ్య, "ఏందే, గాలి సోకిందా?" అంటే నవ్వింది గాని ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు.

ధాన్యం ఇళ్ళకు చేరాక సోమి మళ్ళీ వచ్చింది. ఈసారి బుట్ట లేదు. వచ్చి బెంచీ మీద కూర్చోలేదు, గడపలోనే నిలబడింది.

"రాయి పెట్టినం. కోడిని కోసినం, అందరం తిన్నం. అయినా బిడ్డ అందులకు వస్తలేదు," అంది. "రాయికాడికి పోతె ఒట్టి రాయే. నిద్రల మాత్రం అగుపడుతున్నది. ఎక్కడ అంటవా? ఈడ. ఈ బెంచీ మీద. తువ్వాల చుట్టుకోని కూసుంటది, లెవ్వదు. బిజ్జా ఇంటికి పోయి అడిగిన. రవిక రంగు మల్ల చూద్దమంటే లింకు తెరుచుకోనే లేదమ్మా అన్నడు. ఫోనంత తిప్పి చూపిచ్చిండు, లేదు. మా ఆయన ఫోన్ల లేదు. ఇగ నువ్వే చెప్పు బిడ్డా. నీకాడ ఉన్నదా?"

లేదని చెప్పడం ఎంతసేపు? సోమికి చదువు రాదు, డ్రైవ్ అంటే తెలియదు. కానీ గడపలో నిలబడ్డ ఆ మనిషి కళ్ళు బెంచీ మీద ఉన్నాయి, మాధురి మీద లేవు.

"ఉన్నదక్కా. లింకే పోయింది. పిల్ల పోలేదు. నాకు తెల్వక 'పోయింది' అన్న. తెల్సినంక తియ్యలేకపోయిన."

సోమి తిట్టలేదు. తిడితే బాగుండునని మాధురి అనుకుంది. "చూపెట్టు," అంది సోమి.

తెర మీద సుమిత్ర వచ్చింది. సోమి దగ్గరికి వచ్చి, తెరకు వేలు తగలకుండా, పిల్ల చెంప దగ్గర గాలిలో నిమిరింది. బయట బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె చూపు పై మూలకు పోయింది.

"ఇదెవరు, నేనా?"

"నువ్వే."

"ఇంత నవ్విన్నా నేను!"

మాధురి ఆత్రంగా కుర్చీ జరిపింది. "అక్కా, ఈ గడి వరకు కోసి నీకు ప్రింటు తీసిస్త. పిల్లను తీసేద్దం, నువ్వుండు. ఒక్క నిమిషం పని."

సోమి ఆ గడిలో తనను తాను చూసుకుంది. "వద్దు బిడ్డా," అంది. "దాన్ని చూసే నవ్విన. అది పోయినంక ఆ నవ్వు నాకెందుకు? దానెంబడే పోనీ."

మాధురి ఫైలును తొలగించింది. తొలగించినవి చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంటాయని, అది కూడా ఖాళీ చేస్తేనే పూర్తయినట్టని ఈసారి విప్పి చెప్పింది. బుట్ట తెరిచింది. తెర ఒక ప్రశ్న అడిగింది.

"ఏమంటున్నది?"

"ఇది చేస్తే మల్ల రాదు, సరేనా అంటున్నది."

సోమి మౌస్ మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి మీద మాధురి చెయ్యి వేసి బాణం గుర్తును చోటికి చేర్చింది. నొక్కింది మాత్రం సోమి. తర్వాత ఈ కంప్యూటర్లోని బుట్ట కూడా అలాగే ఖాళీ చేశారు.

సోమి మొదటిసారి బెంచీ మీద కూర్చుంది. అటూ ఇటూ అరచేత్తో తడిమి, "ఖాళీ," అంది. నీళ్ళు తాగి లేచింది. గడప దాటబోతూ గోడ మీద దండ వేసిన ఖాళీ ఫ్రేము చూసి ఆగింది. కాశయ్య ఎప్పుడో కట్టించి తెచ్చింది, అందులో పెట్టడానికి ఫోటో దొరకలేదు.

"ఇదెవరిది?"

"మా తమ్ముడిది. పోయిండు."

"రాయి పెట్టిండ్రా?"

"మా వాళ్ళల్ల పెట్టరక్కా."

"మరి ఎక్కడుంటడు?" అంది సోమి, ఊరి దారి అడిగినంత మామూలుగా.

మాధురి బల్ల వైపు చూసింది. బల్ల మీద ప్రింట్ల కోసం జనం వదిలిపోయిన ఫోన్లు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకటి టింగుమంది. ఏదో గ్రూపులో ఎవరో ఏదో ఫోటో పంపారు.