సంతకం పెట్టి కొట్టేసిన మాట

ఫార్మా ల్యాబులో నాలుగేళ్లు మందులు పరీక్షించిన ఇందు చేత మేనేజరు బలవంతంగా రాజీనామా రాయించాడు. ఒళ్లు మండి లింక్డిన్‌లో అతన్ని కడిగిపారేసింది. తెల్లారి చదువుకుని ఆ తిట్లు తీసేసి, చేసిన పనీ మానేసిన నెలా మాత్రం ఉంచింది.

అనకాపల్లి దగ్గర మరో కంపెనీ దరఖాస్తులో మానేసిన కారణం “సొంత పనులు” అని రాసింది. రాయగానే తన మీద తనకే మండింది. ఒక్క గీతతో కొట్టేసి, సంతకం, తేదీ వేసి, “రాజీనామా చెయ్యమన్నారు” అని పక్కన రాసింది.

“ఏటమ్మా ఇది? కొత్త ఫారం అడగొచ్చు కదా?” అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన.

“ల్యాబులో తప్పు రాస్తే చెరపం కదండీ. కనబడేలా కొట్టేసి సంతకం పెడతాం.”

మేనేజరు మీద తిట్లు నోటిదాకా వచ్చాయి. పంటి బిగువున ఆపుకుంది.

పెద్దాయన ఆ గీతనే చూస్తూ, “అక్కడ ల్యాబు రికార్డు చెరిపేయమన్నారేటి?” అన్నాడు.

“అవునండీ. చెరపనన్నాను.”