ప్రొక్లెయిన్ నిలబడ్డ కాలం

రామన్నపేటలో ఎల్లస్వామిని ఇప్పటికీ మగ్గమోళ్ల ఎల్లస్వామి అనే అంటారు. తండ్రి నేత నేశాడు. కొడుకు సెంట్రింగు పనికి పోయి, కల్వర్టులు కట్టి, బడుల ప్రహరీలు కట్టి, యాభై దాటాక వాగు మీద ఒక వంతెన కాంట్రాక్టు పట్టాడు. ఆ వంతెన కోసమే ఫైనాన్సులో మట్టి తవ్వే ప్రొక్లెయిన్ కొన్నాడు. ఊళ్లో అందరూ ప్లాటు చూపించి గొప్పలు పోతే, ఆయన ఆ పచ్చ మిషన్ని చూపించేవాడు. పొలమూ అదే, ప్లాటూ అదే.

వంతెన సగం లేచాక ఆగిపోయింది. అవతలి గట్టున రోడ్డు కలపాల్సిన భూమిని రోడ్ల శాఖ రైతుల దగ్గర సేకరించి ఇవ్వలేదు. ఆ మాటకొస్తే కాంట్రాక్టు రాసుకున్న రోజు కూడా శాఖ చేతిలో ఆ భూమి లేదు. లేని జాగా మీద పని అప్పజెప్పి గడువు మాత్రం లెక్కబెట్టే తెలివి మనకు ఎక్కడినుంచి వచ్చిందో గాని, ఏడాదిన్నర అట్లాగే గడిచింది.

పని చూసే డిప్యూటీ ఇంజనీరు కమలాకర్ మంచివాడు. ఎల్లస్వామి పీకలదాకా మునగడానికి కారణం ఆ మంచితనమే. ప్రొక్లెయిన్ కిరాయికి పంపుకుంటానని ఎల్లస్వామి అడిగినప్పుడల్లా ఒకటే మాట చెప్పేవాడు.

"మిషన్ కదిలియ్యకు ఎల్లస్వామీ. వచ్చే వారం జాగ ఇస్తరు. నువ్వు మిషన్ తీస్కపోతే పని ఇడిశిపెట్టి పోయినవంటరు."

సరేనని వచ్చేసేవాడు. ఒకసారి ఇంట్లో భార్య సుగుణమ్మ పోరు పడలేక, మిషన్ మీ మాట మీదే ఆపుతున్నానని ఒక కాగితం రాయించుకుని వెళ్లాడు. కమలాకర్ చాయ్ తెప్పించి, మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగాడు. అట్లా అడిగిన మనిషి చేతిలో కాగితం ఎట్లా పెడతాడు? మన దగ్గర ఉత్తరం రాయడమంటే తగువు పెట్టుకోవడమే. చాయ్ తాగి వచ్చేశాడు. మొహమాటం గురించి మనవాళ్ల దగ్గర ఒక మొరటు సామెత ఉంది, ఆడవాళ్లూ పిల్లలూ చదువుతారు కాబట్టి వద్దు.

చివరికి భూమి వచ్చింది, వంతెన పూర్తయింది. గడువు పెంచారు, జరిమానా వెయ్యలేదు, నష్టపరిహారం మాత్రం ఇవ్వబోమన్నారు. కాంట్రాక్టులో ఉన్న షరతు ప్రకారం ఒక విశ్రాంత చీఫ్ ఇంజనీరును మధ్యవర్తిగా పెట్టారు. ప్రొక్లెయిన్ వాయిదాలు అప్పటికే పేరుకుపోయాయి. తీర్పు వచ్చేదాకా ఆగుతాం, ఆ తర్వాతా కట్టకపోతే మిషన్ పట్టుకుపోతామని ఫైనాన్స్ కంపెనీ చెప్పింది. కరువులో అధిక మాసం అంటే ఇదే.

క్లెయిమ్ రాయడానికి షాద్‌నగర్ నుంచి మానస అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఒకప్పుడు మగ్గాలుండిన ముందు గదిలోనే ఎల్లస్వామి ఆఫీసు. ఆయన రాసుకున్న ఒకే ఒక్క పెద్ద అంకె చూసి ఆమె నుదురు రుద్దుకుంది.

"అంత ఒక్క గంపల పోస్తే ఎట్లన్నా? గంప మొత్తం పక్కకు పెడ్తరు. మూడు కుప్పలు చెయ్యాలె. సైటు మీద అయింది ఒకటి, హెడ్డాఫీసుల అయింది ఒకటి, ఖాళీగ నిలబడ్డ మిషన్‌ది ఒకటి. ఏ కుప్పకు ఆ రుజువు."

మొదటి కుప్పకు ఇబ్బంది రాలేదు. సైటు ఇంజనీరు జీతం, వాచ్‌మన్ కూలి, షెడ్డు కిరాయి, కరెంటు బిల్లు, పని జరిగినా జరగకపోయినా నెల తిరిగితే పడే ఖర్చులు. బ్యాంకు కాగితాలూ రసీదులూ ఉన్నాయి. ఆపరేటర్ జీతం మాత్రం ఎల్లస్వామి సైటులోనూ రాశాడు, మిషన్‌లోనూ రాశాడు. మానస ఒక దిక్కు కొట్టేసింది.

రెండో కుప్ప దగ్గర ఆమె అడిగింది. "హెడ్డాఫీసు కిరాయి ఎవరికి కట్టిన్రన్నా?"

"ఎవలకు కడ్త బిడ్డా, నా ఇల్లేనాయె."

"నాకు జీతమిచ్చినట్టు రాయుండ్రి," అంది వంటింట్లోంచి సుగుణమ్మ. లెక్కలన్నీ ఆమెవే. "ఎన్నడు ఇయ్యకపాయె."

"ఇయ్యని జీతం అడగరాదు వదినా," అంది మానస నవ్వుతూ. "కాంట్రాక్టు మొత్తంల ఇంత శాతమని ఫార్ములా పెడితే పెద్ద అంకెనే వస్తది, రుజువు రాదు. ఈ పని వల్ల వేరే పని పోయిందని చూపాలె."

బ్యాంకు గ్యారంటీ ఈ వంతెన కిందే ఇరుక్కుపోయినందున కొత్తది ఇవ్వలేమని బ్యాంకు రాసిన జవాబు ఒకటి దొరికింది. దాంతో కోస్గి దగ్గర ఒక టెండరు వెయ్యలేకపోయాడు. ఆ కాగితమూ, ఆడిటరు ఫీజూ, ఒక గుమాస్తా జీతమూ కలిపితే కుప్ప చిన్నదే అయింది.

మిషన్ చేజారకుండా కాపాడగలిగేది మూడో కుప్ప ఒక్కటే. కిరాయి రేటు కట్టకూడదంది మానస. నిలబడ్డ మిషన్ డీజిల్ తాగదు, అరగదు కూడా అంతగా. తరుగుదల, అప్పు వడ్డీ, ఇన్సూరెన్సు, అంతే అడగాలి. అట్లా అడిగినా వాయిదాలు తీరతాయి. సర్వీసుకు వచ్చిన కంపెనీ మెకానిక్ ప్రతిసారీ గంటల మీటరు అంకె రాసిపెట్టాడు. ఏడాదిన్నరలో అది కదిలింది ఇంజను వేడెక్కించడానికి మాత్రమే.

"నిలబడ్డదని చూపిస్త," అంది మానస. "ఎందుకు నిలబెట్టిన్రని అడిగితే?"

ఎల్లస్వామి కమలాకర్ ఇంటికి పోయాడు. కమలాకర్ అప్పటికి రిటైరయ్యాడు, రావాల్సిన గ్రాట్యుటీ ఇంకా శాఖ దగ్గరే ఉంది. సాక్ష్యం అడగడానికి ఎల్లస్వామికి నోరు రాలేదు. ఆయనే రానంటే బాగుండునని కూడా అనిపించింది. కమలాకరే అన్నాడు.

"వస్త. చెప్పింది నేనే గదా."

నల్గొండ గెస్ట్‌హౌస్ హాల్లో విచారణ. గంటల మీటరు కాగితాలు చూసి శాఖ వకీలు మిషన్ నిలబడ్డదని ఒప్పుకున్నాడు. పక్క మండలానికి కిరాయికి పంపి నష్టం ఎందుకు తగ్గించుకోలేదని మాత్రం అడిగాడు. అప్పుడు కమలాకర్ లేచి, మిషన్ కదిలించవద్దని తానే చెప్పానని, ఒకసారి కాదు చాలాసార్లు చెప్పానని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"రాసి ఇచ్చారా?" అన్నాడు వకీలు.

"లేదు."

"అట్లా ఆదేశించే అధికారం మీకుందా?"

"లేదు. రాతపూర్వకంగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారే ఇవ్వాలి."

అబద్ధం ఆడి ఓడించినా ఎల్లస్వామి తిట్టుకునేవాడు, కడుపు చల్లబడేది. ఈయన నిజం చెప్పి ఓడించాడు. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

తీర్పులో సైటు ఖర్చులు దాదాపు మొత్తం వచ్చాయి, అవి జీతాలకూ కిరాయిలకూ తెచ్చిన చేబదుళ్లకే సరిపోయాయి. హెడ్డాఫీసుది కొంత వచ్చింది. మిషన్‌కు మొదటి నెల మాత్రమే ఇచ్చారు. ఆటంకం తేలడానికీ, మిషన్ తరలించుకోవడానికీ ఎవరికైనా ఆమాత్రం పడుతుందట. అధికారం లేని మనిషి నోటిమాట లెక్కలోకి రాదని స్పష్టంగా రాశారు.

ఫైనాన్సువాళ్లు ట్రైలర్ తెచ్చిన రోజు కమలాకర్ కూడా వచ్చాడు. అధికారం లేకుండా ఆదేశాలిచ్చినందుకు సంజాయిషీ చెప్పాలని ఆయనకు మెమో వచ్చింది, గ్రాట్యుటీ ఆపేశారు. ఆ సంగతి సుగుణమ్మ అడిగితే గాని చెప్పలేదు. ప్రొక్లెయిన్ ట్రైలర్ ఎక్కుతుంటే ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి చూశారు. ఎల్లస్వామికి ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు.

"నేను చెప్పింది నీకేమన్న అక్కరకొచ్చిందా ఎల్లస్వామీ?" అని అడిగాడు కమలాకర్.

"వచ్చింది సార్. మీరు చెప్పవట్టే ఆ నెలన్న ఇచ్చిన్రు."

కమలాకర్ తలూపాడు. ఆ నెల ఎందుకిచ్చారో తీర్పు కాపీలో ఆయనా చదివాడు.