అర్జీ చివరి వాక్యం

ఆ ఆఫీసులో నాకు అందరంటే భయమే. పేరెందుకు గానీ, విశాఖపట్నంలో గోడౌన్లకు భూములు తీసుకుంటున్న పెద్ద కంపెనీ అది. ఎనభైల మొదట్లో అక్కడ టెంపరరీ ట్రాన్స్‌లేటర్‌ని. మూడు నెలలకోసారి నా ఉద్యోగం పొడిగించమని సూపరింటెండెంటు రాయాలి. ఆయన కలం కదలకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. తెలుగులోకి వచ్చేసరికి కలెక్టరుగారు ‘తమరు’, రైతు ‘మీరు’. ‘నీవు’ అని రాస్తే మెమో తప్పదు. ‘ఖాళీ చెయ్యండి’ అనకూడదు, ‘ఖాళీ చేయవలసిందిగా కోరడమైనది’ అనాలి. కోరేదెవరో, తోసేదెవరో అందరికీ తెలుసు. అయినా మర్యాద మర్యాదే.

భూమి పోతుందని రైతులు కలెక్టరాఫీసులో అభ్యంతరాలు పెట్టుకుంటే, వాటి నకళ్లు మా అభిప్రాయం కోసం వచ్చేవి. మా పెద్దాఫీసరుది ఉత్తరాది, తెలుగు రాదు. నేను ఇంగ్లీషు చేసిపెట్టాలి.

ఒకసారి కూర్మన్నపాలెం వైపు నుంచి ఒక ముసలి రైతు అర్జీ వచ్చింది. కోర్టు బయట అర్జీలు రాసేవాడి చేతిరాత. ‘మహారాజశ్రీ వారి దివ్యసముఖమునకు’ అని మొదలు. ఇంటి స్థలం తీసుకోవద్దని మధ్యలో రెండు వాక్యాలు. చివర, ‘మా ఇల్లు, మా ప్రాణములు సర్వమూ తమరివే. తమ చిత్తము, మా భాగ్యము.’ అందరి అర్జీలూ అలాగే ముగిసేవి. నేను దాన్ని ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో సరిపెట్టాను.

సూపరింటెండెంటు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. “ఈ వాక్యం ఏదమ్మాయ్? ఉన్నది తగ్గించడానికి మనమెవరం? మక్కీకి మక్కీ పెట్టు” అన్నాడు. ఆయన సెక్షన్లో చట్టం అదే. పెట్టాను. పెట్టకుండా ఉండే ధైర్యం నాకెక్కడిది?

ఫైలు తిరిగొచ్చింది. ఆఫీసరు ఆ చివరి వాక్యం కింద ఎర్రపెన్సిల్‌తో గీసి, పక్కన రాశాడు: ‘రైతు ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. అభ్యంతరం లేదని కలెక్టరుకు రాయండి.’

ఆ ఉత్తరం వెళ్తే ముసలాయన మాట వినేవాళ్లే ఉండరు. సూపరింటెండెంటుకు చెబితే, “సాహెబు రాసింది దిద్దుతావా?” అన్నాడు. ఆయన మీద ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఆఫీసరు గదిలోకి వెళ్లాను.

“సర్, అది ఒప్పుకోవడం కాదు, ఉత్తరం ముగించే పద్ధతి. పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో ‘మీ విధేయ సేవకుడు’ అని సంతకం పెట్టేవారు. వాళ్లెవరూ సేవకులు కారు కదా” అన్నాను.

ఆయన నవ్వలేదు. “అతన్ని పిలిపించు. అతని నోటితోనే వింటాను.”

రెండు రోజులకు ముసలాయన వచ్చాడు. తలగుడ్డ తీసి చేత పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సూపరింటెండెంటు నా వెనకే ఉన్నాడు. ఆఫీసరు అడిగింది తెలుగులో అడిగాను: “ఇల్లు ఇవ్వడానికి మీకు సమ్మతమేనా?”

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. “తవరి సిత్తం బాబూ. తవరెలాగంటే అలాగే.”

పెద్దవాళ్ల ఎదుట కాదనడం ఆయనకు తెలియదు. “వాట్ డస్ హి సే?” అంటున్నాడు ఆఫీసరు. ఉన్నది చెబితే ఇల్లు పోతుంది. లేనిది చెబితే వెనకున్నాయన పట్టేస్తాడు.

“సర్, ఇంకోసారి అడుగుతాను” అని ఆ కాగితం భాష వదిలేశాను. “బాబాయ్, రేపు ఇల్లు పడగొట్టే మిషను మీ గుమ్మం ముందుకొచ్చేత్తే ఏటి సేత్తారు?”

ముసలాయన నన్ను వింతగా చూశాడు. “ఏటి సేత్తానమ్మా, గుమ్మానికడ్డంగా తొంగుంటాను. నాను బతికుండగా ఇల్లిత్తానా?” అని, ఆఫీసరు వైపు తిరిగి మళ్లీ దణ్ణం పెట్టాడు. “తవరు సిత్తగించాల బాబూ.”

మక్కీకి మక్కీ చెప్పాను, దణ్ణంతో సహా. పోలీసుల్ని పిలుస్తాడేమో, నన్ను పొమ్మంటాడేమో అనుకున్నాను. ఆఫీసరు ముసలాయన్ని చూసి, తను రాసింది కొట్టేసి, ‘అభ్యంతరం ఉంది’ అని రాశాడు.

వరండాలో ముసలాయన మెల్లగా అడిగాడు. “అయ్యగారికి కోపమొచ్చీసిందేటమ్మా? మాట తూలీసేనా?”

“లేదు బాబాయ్, భయపడకండి” అన్నాను. నా చేతులు చీర చెంగులో దాచుకుని అన్నాను.

కలెక్టరాఫీసులో విచారణ జరిగింది. ఆయన్ని పిలిచారు, విన్నారు. ఆ తర్వాత ఇల్లు తీసుకున్నారు. కానీ ఆయన ఇచ్చాడని మాత్రం ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు.