రాయకపోతే తప్పినట్టు కాదంట

భిక్షం సార్ మైకు ముందు నిలబడ్డాడు గానీ ఆయన మనసు మైకు దగ్గర లేదు. కేతేపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లో సర్కారు హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. ఆ రోజు పదో తరగతికి వీడ్కోలు. పిల్లలు వరండాలో జంబుఖానా మీద కూర్చున్నారు. ఆడపిల్లలు చీరలు కట్టుకొని, కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. వెనక పెద్ద గిన్నెలో బగారన్నం మూత కింద ఉడుకుతున్న వాసన.

ఏటా ఆయన ఉపన్యాసం ఒకటే. మన బడిలో ఫెయిల్ అనే మాట లేదు, మీరూ దాన్ని తేవద్దు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నాలుగేళ్లుగా వరసగా నూటికి నూరు శాతం వచ్చింది. గేటు పక్కన ఆ సంగతి చెప్పే ఫ్లెక్సీ ఎండకు వెలిసి, ఒక మూల చిరిగి గాలికి టపటప కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఇవాళెందుకో ఆయన చెవికి గుచ్చుకుంటోంది.

ఈసారి మాత్రం పైనుంచి మాట వచ్చింది. ఫలితాలప్పుడు పిల్లలు అఘాయిత్యాలు చేసుకుంటున్నారు, తప్పినా పర్వాలేదని ముందుగానే ధైర్యం చెప్పండని. చెప్పాలి. కానీ నాలుగేళ్లు లేదన్న మాటను ఇప్పుడు ఉందని ఎట్లా మొదలుపెట్టాలి? కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"పరీక్షల తప్పితే అదేం పెద్ద సంగతి కాదు బిడ్డా" అన్నాడు చివరికి.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ నోట ఆ మాట వినడం వాళ్లకు కొత్త.

"నవ్వుతరేంది? నిజమే చెప్తున్న. తప్పితే మళ్లొక్క చాన్సు ఉంటది. జూన్‌ల సప్లిమెంటరీ."

మగపిల్లల మధ్యలోంచి సాయికిరణ్ చెయ్యెత్తాడు. క్లాసులో పంతుళ్ల గొంతులు అనుకరించేది వాడే. అందుకే వాడు చెయ్యెత్తగానే అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

"సార్, ఒక డౌటు. అసలు రాయకపోతే తప్పినట్టు కాదంట గదా?"

అందరూ గొల్లుమన్నారు. భిక్షం సార్ కూడా నవ్వాడు. "ఎవడు చెప్పిండురా నీకు గా తెలివి?"

"నాకు కాదు సార్. భాగ్యశ్రీకి చెప్పిన్రు. అందుకే ఆమె రాలే. రేపు మిరప ఏరవోతదంట ఖమ్మం దిక్కు."

నవ్వు ఒక్కసారిగా ఆగింది. భిక్షం సార్ ఆడపిల్లల వైపు చూశాడు. పచ్చ చీరకూ ఎర్ర చీరకూ మధ్య ఒకరు కూర్చునేంత జాగా ఖాళీగా ఉంది. వాళ్లు జరగలేదు. పొద్దటి నుంచి అట్లాగే ఉంచారు కాబోలు. తర్వాత ఆయన లెక్కల సార్ విజేందర్ వైపు చూశాడు. విజేందర్ విస్తళ్ల కట్ట విప్పుతూ తల ఎత్తలేదు.

ఇంక ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. పాసైనవాళ్ల శాతం పరీక్షకు వచ్చినవాళ్ల మీద కడతారు. ఒక్కరోజు కూడా రానివాళ్లు ఆ లెక్కలోకే రారు. భాగ్యశ్రీకి తెలుగు వచ్చు, సోషల్ వచ్చు, ఇంగ్లీషూ ఎట్లనో గట్టెక్కుతుంది. లెక్కలే రావు. ప్రీఫైనల్లో ఏడు మార్కులు. ఆమె రాస్తే నూరు పోతుంది. రాయకపోతే ఉంటుంది.

మైకు గుయ్యిమంది. ఆయన దాన్ని పక్కకు నెట్టేశాడు.

"సాయికిరణ్ అడిగింది అందరు ఇనుండ్రి. రాయకపోతే మెమో మీద ఏమొస్తదో తెలుసా? పాసని రాదు. రాయనోడు తప్పినోడి కంటె ఎనకపడ్డట్టే. ఎట్లంటవా? ఎనభై మార్కుల పేపరు, ఇరవై ఎనిమిదొస్తే పాసు. ఆరు సబ్జెక్టులు రాసి లెక్కల ఒక్కటి తప్పినవనుకో. మిగిలిన ఐదు నీయే. ఎవడు గుంజుకోడు. జూన్‌ల లెక్కలొక్కటే రాస్తవు. మొత్తానికే రాకపోతివా, ఆరుకు ఆరు నెత్తి మీదనే. ఎండకాలమంత కూలికి పోయి, వచ్చి ఆరు రాస్తవా? నువ్వు రాస్తనన్నా నేను నమ్మ."

ఆయన ఆడపిల్లల మధ్య ఖాళీ జాగా వైపు ఇంకోసారి చూశాడు.

"రిజల్టొచ్చినంక తప్పినోళ్లు బడి దిక్కు రారు. ఎనకట చూసిన, నాకెరుక. సందుల నుంచి తిరిగిపోతరు. ఫీజు కట్టే గడువేమో పది పదిహేను దినాలల్ల అయిపోతది. అది కట్టేది ఈడనే, నా రూముల. ఎండకాలం సెలవులని తలుపేసుకొని పోను, ఉంట. మంచిగ ముందు గేటు నుంచే రాండ్రి. ఎవడన్న నవ్వితే నాకు చెప్పుండ్రి."

అక్కడితో ఆపేశాడు. ముగింపు లేదు, దీవెన లేదు. చప్పట్లు కొట్టాలా వద్దా అని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన అప్పటికే మెట్లు దిగాడు.

"విజేందరూ, బండి తియ్యి."

"అన్నం తిన్నంక పోదాం సార్."

"తియ్యమన్న గదా."

బండి మీద కొంచెం దూరం పోయాక విజేందర్ ముందుకే చూస్తూ అన్నాడు. "మీరే అన్నరు గద సార్, ఎట్లన్న చేసి ఈసారి గూడ నూరు పోవద్దని."

నిజమే, భిక్షం సారే అన్నాడు. నవంబరులో, ఇదే గొంతుతో. కాలువ పక్క పొలాల్లో యాసంగి వరి పాలుపోసుకుంటోంది. ఆయన మాత్రం వెనక కూర్చొని సీటు అంచు పట్టుకుంటూ వదులుతూ ఉన్నాడు.

భాగ్యశ్రీ వాళ్లింటి ముందు రెండు మూటలు కట్టి ఉన్నాయి. తల్లి స్వరూప మూడో మూటలో గిన్నెలు సర్దుతోంది. సార్లను చూసి గాబరాగా లేచింది.

"కూసోండ్రి సార్. పిల్ల ఏమన్న తప్పు చేసిందా?"

"ఏం చెయ్యలే. పరీక్షకు తోలియ్యి స్వరూపా."

"మీ బడికి పేరు పోతదంట గద సార్ మా పిల్లతోని."

"పోనియ్యి."

స్వరూప విజేందర్ వైపు చూసింది. ఒక సారు ఒకటి చెప్పాడు, ఇంకో సారు ఇంకోటి చెబుతున్నాడు. ఎవరిని నమ్మాలి? విజేందర్ గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పింది తప్పక్కా. పెద్దసారు చెప్పేదే ఇను. పిల్లను మీ అవ్వ దగ్గర ఉంచిపో."

తలుపు చాటు నుంచి భాగ్యశ్రీ బయటికి వచ్చింది. చేతికి గోరింటాకు ఉంది. వీడ్కోలుకని పెట్టుకున్నదే.

"నాకు లెక్కలు రావు సార్. తప్పుత."

"తప్పుదువు తియ్యి" అన్నాడు భిక్షం సార్. "ఇప్పుడైతే రా, బగారన్నం సల్లారిపోతది."

*

ఫలితాలు వచ్చిన రోజు ఫోను మోగుతూనే ఉంది. ఒక్కరు తప్ప అందరూ పాస్. పక్క ఊరి హెడ్మాస్టరు ఫోన్ చేసి, "ఎట్ల పోయిందన్నా, ఒక్కదానితోని?" అని పరామర్శించాడు, చావు కబురు విన్నట్టు. భాగ్యశ్రీకి లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి. మిగతా ఐదూ పాస్.

ఆ రోజు ఆమె రాలేదు. మరుసటి రోజూ రాలేదు. భిక్షం సార్ రూములో కూర్చోలేకపోయాడు. వరండా చివరికి పోయి సందువైపు చూసి వచ్చేవాడు. కుర్చీలో కూర్చొని మళ్లీ లేచేవాడు. సెలవుల్లో కూడా వచ్చి కూర్చుంటున్న విజేందర్, "నేను పోయి తీస్కరానా?" అన్నాడు.

"వద్దు. రానియ్యి."

మూడో రోజు పదకొండు దాటాక గేటు కిర్రుమంది. ముందు గేటే. భాగ్యశ్రీ తల దించుకొని, ఎండలో గబగబా నడుస్తూ వచ్చింది. చిరిగిన ఫ్లెక్సీ ఉండే చోట ఇప్పుడు రెండు మేకులే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడలేదు. రూము గడప దగ్గర ఆగింది.

"సార్, లెక్కలొక్కటే గదా?"

"ఒక్కటే."

విజేందర్ అప్పటికే అలమర తెరిచి సుద్దముక్క వెతుకుతున్నాడు.